ఐసీయూ మానిటర్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: బ్రాకెట్‌లో ఉండే అంకె

కిందటి పాఠంలో కఫ్ సైజు ఎలా ఎంచుకోవాలో చూశాం. ఈసారి బీపీ పక్కన బ్రాకెట్‌లో చిన్నగా కనిపించే మూడో అంకె గురించి. దాని పేరు మీన్ ఆర్టీరియల్ ప్రెషర్. ఐసీయూలో అందరూ మ్యాప్ అనే అంటారు. షాక్‌లో ఉన్న పేషెంట్ దగ్గరికి వెళ్తే నేను ముందు చూసేది దాన్నే. ఎందుకో ఒక లెక్క చేస్తే తెలుస్తుంది.

పక్కపక్క బెడ్లలో ఇద్దరు ఉన్నారు. ఒకరి బీపీ 96/40, రెండోవారిది 88/58. ఎవరి గురించి ఎక్కువ టెన్షన్ పడాలి? పైఅంకె ఒక్కటే చూస్తే రెండోవారి గురించే అనిపిస్తుంది. ఇప్పుడు ఈ సూత్రం వేయండి, ఇందులో SBP అంటే పైఅంకె, DBP అంటే కిందిఅంకె:

```
MAP = DBP + (SBP − DBP) / 3
```

మొదటివారికి 96లోంచి 40 తీస్తే 56. అందులో మూడోవంతు సుమారు 19. దాన్ని 40కి కలిపితే 59. రెండోవారికి తేడా 30, మూడోవంతు 10, కలిపితే 68. పైఅంకె ఎక్కువున్న మొదటి పేషెంటే ప్రమాదంలో ఉన్నారు.

మూడోవంతే ఎందుకు? గుండె ముడుచుకునే సమయం కంటే వదులయ్యే సమయం దాదాపు రెట్టింపు, అందుకని సగటులో కిందిఅంకెకే బరువెక్కువ. గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటుంటే వదులయ్యే సమయం తగ్గిపోతుంది, అప్పుడు ఈ లెక్క సరిగ్గా రాదు. మానిటర్ చూపే మ్యాప్‌నే తీసుకోండి. అసలు ఆటోమేటిక్ కఫ్ నేరుగా పట్టుకునేది మ్యాప్‌నే. మిగతా రెండు అంకెలూ మెషిన్ అంచనా వేసి చూపిస్తుంది.

కిడ్నీలకూ మెదడుకూ రక్తాన్ని నెట్టేది ఈ సగటు ఒత్తిడే. బీపీ కొంత అటూ ఇటూ అయినా ఆ అవయవాలు తమ రక్తనాళాలను సర్దుకుని సరఫరాను నిలబెట్టుకుంటాయి. మ్యాప్ సుమారు 60–65 కంటే దిగితే ఆ సర్దుబాటు చాలదు. అక్కడినుంచి ఒత్తిడి ఎంత పడితే రక్తమూ అంత తగ్గుతుంది. సెప్సిస్‌లో రక్తనాళాలు వదులైపోతాయి కాబట్టి ముందు కిందిఅంకె పడిపోతుంది. మొదటి పేషెంట్‌కు జరిగింది అదే.

ఆమెనే గమనిద్దాం. 62 ఏళ్లు, 60 కిలోల బరువు, యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ అయింది. కిలోకు 30 మి.లీ. చొప్పున 1,800 మి.లీ. సెలైన్ ఎక్కించినా మ్యాప్ 59 దాటలేదు. బీపీని నేరుగా కొలవడానికి ధమనిలో సన్నని గొట్టం, అంటే ఆర్టీరియల్ లైన్ పెట్టి, బీపీ పెంచే మందు నార్‌ఎడ్రినలిన్ మొదలుపెట్టారు. కాసేపటికి మానిటర్ 66 చూపించింది. సెప్సిస్ మార్గదర్శకాలు మొదటి లక్ష్యంగా చెప్పేది 65, కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కానీ యూరిన్ బ్యాగ్ చూడండి. రెండు గంటల్లో 35 మి.లీ. మాత్రమే వచ్చింది. గంటకు కిలోకు అర మి.లీ. చొప్పున కనీసం 60 రావాలి. వేలి కొన నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 5 సెకన్లు పడుతోంది, 3 దాటకూడదు. అంకె బాగుంది, మనిషి బాగాలేదు. ఇలా పొంతన కుదరనప్పుడు వెంటనే ట్రాన్స్‌డ్యూసర్ చూడాలి, అంటే ఆర్టీరియల్ లైన్‌లోని ఒత్తిడిని కొలిచి మానిటర్‌కు పంపే పరికరాన్ని.

డ్రెస్సింగ్ కోసం బెడ్ పైకి లేపారు. ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం స్టాండుకు ఉన్నచోటే ఉండిపోయింది, గుండె కంటే 10 సెం.మీ. కిందికి. ప్రతి 10 సెం.మీ.కీ రీడింగ్ సుమారు 7 మారుతుంది: కిందికి ఉంటే ఎక్కువ చూపిస్తుంది, పైకి ఉంటే తక్కువ. నాలుగో పక్కటెముకల సందు ఎత్తులో, ఛాతీ పక్కభాగం మధ్యరేఖకు దాన్ని సరిచేసి జీరో చేస్తే 59 వచ్చింది. అంటే ఇంతసేపూ ఆమె కిడ్నీలకు అందింది ఆ 59 మాత్రమే. డ్యూటీ డాక్టర్‌కు చెబితే మందు పెంచారు. మ్యాప్ నిజంగా 67కి వచ్చాక యూరిన్ గంటకు 40 మి.లీ. దాకా పెరిగింది.

ట్రాన్స్‌డ్యూసర్ సరిగ్గానే ఉండి, 66 నిజమైన అంకే అయివుంటే? అప్పుడు పాత బీపీ ఉందా అని అడగాలి. 2014లో ఫ్రాన్స్‌లో సెప్టిక్ షాక్ పేషెంట్లపై చేసిన పరిశోధనలో 80–85 లక్ష్యానికీ 65–70 లక్ష్యానికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే ఏళ్లుగా బీపీ ఉన్నవారిలో పై లక్ష్యం పెట్టుకున్నప్పుడు డయాలసిస్ అవసరం తగ్గింది. మరోవైపు, పై లక్ష్యం ఉన్న గుంపులో గుండె లయ తప్పడం ఎక్కువైంది. అందుకే ఎవరికి ఎంత అన్నది డాక్టర్ పేషెంట్‌ను బట్టి నిర్ణయిస్తారు. మీ పని ఆ పాత బీపీ సంగతీ, యూరిన్ లెక్కా ఆయనకు చేరవేయడం.

అభ్యాసం: 104/38, 84/60 – రెండింటికీ మ్యాప్ కట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ గుండె కంటే 15 సెం.మీ. పైకి ఉండి మానిటర్ 58 చూపిస్తుంటే అసలు మ్యాప్ సుమారు ఎంత? జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను, తర్వాత నార్‌ఎడ్రినలిన్ పంప్ లెక్క చూద్దాం.