తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్: జీఎస్‌టీ పోర్టల్‌లో నమోదు చేసే విధానం

రాయగడలోని ఒక హోల్‌సేల్ దుకాణం 2026 ఫిబ్రవరిలో పార్వతీపురం వ్యాపారికి 20 సీలింగ్ ఫ్యాన్లు అమ్మిందనుకుందాం. ఫ్యాను ధర రూ.2,000. రాష్ట్రం దాటిన అమ్మకం కాబట్టి 18 శాతం ఐజీఎస్‌టీ కలిపి బిల్లు రూ.47,200. ఏప్రిల్‌లో నాలుగు ఫ్యాన్లు వెనక్కి వచ్చాయి. అయితే కొన్న వ్యాపారికి రాయగడలోనూ ఒక శాఖ ఉంది. దానికి ఒడిశా రిజిస్ట్రేషన్ వేరు. సరుకు అప్పగించింది ఆ శాఖ మనుషులే.

సరిహద్దు ఊళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. సరుకు మన ఊళ్లోనే చేతికొచ్చింది కదా అని గుమాస్తా 21తో మొదలయ్యే ఒడిశా నంబరుపై నోట్ రాసి, పన్నును కేంద్ర, రాష్ట్ర భాగాలుగా విడగొడతాడు. అది తప్పు. నోట్ ఎప్పుడూ అసలు బిల్లు వెంటే నడవాలి: 37తో మొదలయ్యే ఆంధ్రా నంబరు, ఐజీఎస్‌టీ, పాత ధర, పాత పన్ను రేటు. విలువ రూ.8,000, పన్ను రూ.1,440, మొత్తం రూ.9,440. అసలు బిల్లు నంబరు, తేదీ నోట్‌పై తప్పక రాయాలి.

పోర్టల్‌లో ఫిబ్రవరి బిల్లును సవరించకూడదు. Returns Dashboardలో ఏప్రిల్ నెల GSTR-1 తెరిచి, 9B - Credit / Debit Notes (Registered) పట్టికలో కొత్త నమోదు చేర్చండి. మొత్తాలకు ముందు మైనస్ గుర్తు పెట్టకండి; Credit అని ఎంచుకుంటే పోర్టలే తగ్గిస్తుంది. కొన్నవారికి ఇది పోర్టల్‌లో బిల్లులు, నోట్లను ఒప్పుకునే లేదా తిరస్కరించే IMS విభాగంలో కనిపిస్తుంది. వారు తిరస్కరిస్తే ఆ పన్ను మళ్లీ మీ బాధ్యతలో చేరుతుంది. అందుకే ముందే ఫోను చేసి చెప్పడం మేలు.

ఇక పుస్తకాలు. అమ్మకపు వాపసు ఖాతాకు రూ.8,000, కట్టాల్సిన ఐజీఎస్‌టీ ఖాతాకు రూ.1,440 డెబిట్ చేసి, పార్వతీపురం ఖాతాకు రూ.9,440 క్రెడిట్ ఇవ్వాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అప్పుడు అటకమీద ఫ్యాన్లు ఉంటాయి, స్టాకు పుస్తకంలో ఉండవు.

మీరు ఆ ఫ్యాన్లు కొన్నది రూ.1,600కు. ఇప్పుడు కొనుగోలు ధర రూ.1,700కు పెరిగినా వాపసు వచ్చినవి రూ.1,600కే స్టాకులోకి రావాలి. లేకపోతే అమ్మకుండానే లాభం పుడుతుంది! నాలుగింటికి కలిపి అమ్మిన సరుకు ఖర్చు రూ.6,400 తగ్గుతుంది. వాటిలో ఒక ఫ్యాను రెక్కలు విరిగి పనికిరాకుండా ఉంటే మంచి స్టాకులో చేరేది రూ.4,800 మాత్రమే, మిగతా రూ.1,600 నష్టం. దాన్ని పారేస్తే, కొన్నప్పుడు వాడుకున్న పన్ను క్రెడిట్ రూ.288 కూడా వెనక్కి కట్టాలి.

ఈ నోట్‌ను 2026 నవంబర్ 30లోగా లేదా అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరపు వార్షిక రిటర్న్ వేసే రోజులోగా, ఏది ముందైతే అప్పటికి చూపించాలి. గడువు దాటితే కొన్నవారికి రూ.8,000 తిరిగి ఇవ్వడానికి అడ్డేమీ లేదు గానీ, కట్టేసిన రూ.1,440 తగ్గించుకునే దారి ఉండదు.