పొదుపు శాతం లెక్క మే నెలాఖరున ఎందుకు కట్టాలి?

జీతంతో పాటు వరి కూడా ఉన్న ఇంట్లో నెలవారీ లెక్క పనికిరాదు. నాట్లప్పుడు చేతి డబ్బు చేలోకి పోతుంది, నూర్పిళ్లయ్యాక ఒక్కసారే వచ్చిపడుతుంది. అందుకే ఏడాదికోసారి, ఒకే తేదీన చూడాలి. డెల్టాలో మే 31 అనువైన రోజు. అప్పటికి దాళ్వా ధాన్యం డబ్బు సాధారణంగా చేతికొచ్చి ఉంటుంది, సార్వా పెట్టుబడి ఇంకా మొదలవదు.

ముందు ఆదాయం తేల్చండి. అమలాపురం పక్కన రెండున్నర ఎకరాలున్న ఒక ఇల్లు అనుకుందాం. చేతికొచ్చే జీతం ఏడాదికి 3,60,000. సంస్థ వాటాతో కలిపి పీఎఫ్ ఖాతాలో పడింది 30,000. రెండు పంటలకు ధాన్యం 2,20,000కు అమ్మారు, దమ్ము, ఎరువులు, కూలి, కోత మిషను కలిపి ఖర్చు 1,30,000. మిగిలిన 90,000 మాత్రమే ఆదాయం. మొత్తం 4,80,000. కౌలు చేస్తుంటే మగతా కూడా ఖర్చులోకే వస్తుంది.

ఇక పొదుపు. కట్టిన ఆర్‌డీలు కూడుకుంటూ పోతే తప్పుతారు. బ్యాంకు, ఆర్‌డీ, పీఎఫ్ నిల్వల్లోంచి అప్పులు తీసేసి, పోయిన మే 31 అంకెతో పోల్చండి. ఈ ఇంట్లో నిరుడు నిల్వలు 2,10,000, బంగారం తాకట్టు అప్పు 50,000, నికరం 1,60,000. ఈసారి నిల్వలు 3,40,000, అప్పు 70,000. నిల్వల్లో 14,000 వడ్డీగా చేరింది, అది రాబడే కాని పొదుపు కాదు, తీసేయాలి. నికరం 2,56,000. పెరిగింది 96,000, అంటే ఆదాయంలో 20 శాతం. అప్పునూ వడ్డీనీ వదిలేస్తే ఇదే ఇల్లు 27 శాతం దాస్తున్నట్టు కనిపిస్తుంది!

చీటీ దగ్గర చాలామంది పొరబడతారు. పాడుకోని చీటీకి కట్టింది నిల్వే. పాడుకున్నాక మిగిలిన వాయిదాలన్నీ అప్పు కింద రాయాలి. పొలం, బంగారం ధర పెరిగితే ఈ లెక్కలోకి తేవద్దు.

ఇప్పుడు రెండు దారులు చూడండి. ఒకటి, నెలకు 2,000 అదనంగా దాచి 25 శాతానికి చేరడం. రెండోది, 8 శాతం బదులు 10 శాతం రాబడి కోసం వెతకడం. పాత నిల్వలు పక్కనపెడితే, మొదటి ఏడాది చివర చేతిలో ఉన్నది 96,000. దానిమీద అదనపు 2 శాతం ఏడాదికి 1,920 తెస్తుంది. మొదటి దారి 24,000 తెస్తుంది. ఏటా 96,000 చొప్పున 8 శాతానికి దాస్తూ పోతే తొమ్మిదో ఏడు చివరికి నిల్వ దాదాపు 12 లక్షలవుతుంది. 12 లక్షల మీద 2 శాతం సరిగ్గా 24,000. అక్కడ ఏడాదికి తెచ్చేది రెండూ సమానం, ఆ తర్వాత ఏటా తెచ్చేదానిలో రాబడిదే పైచేయి. కానీ పదేళ్ల మొత్తం చూస్తే 96,000 చొప్పున 8 శాతానికి 13.9 లక్షలు, 10 శాతానికి 15.3 లక్షలు. 1,20,000 చొప్పున 8 శాతానికే 17.4 లక్షలు. ఇందులో అదనంగా దాచిన 2.4 లక్షలు మీ సొమ్మే, నిజమే. అయినా ఆ 2,000 మీ చేతిలో ఉన్న పని, 10 శాతం రాబడి కాదు.

ఒక్క ఏడాది అంకెను నమ్మొద్దు. తుపానుకు చేను పడిపోయిన ఏడు శాతం కూలుతుంది, మంచి పంట ఏడు ఎగురుతుంది. మూడేళ్ల పొదుపు మొత్తాన్ని మూడేళ్ల ఆదాయంతో భాగించండి.