ఉతికిన పాలిస్టర్ టీషర్టు చెమట పట్టగానే మళ్లీ ఎందుకు కంపు కొడుతుంది?

లక్షణం: ఉతికి ఆరేసిన క్రీడా టీషర్టు పొడిగా ఉన్నప్పుడు ఏ వాసనా లేకుండా ఉంటుంది, వేసుకుని పరుగు మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే, కొత్త చెమట ఇంకా పాతబడకముందే, చంకల దగ్గర పాత కంపు లేస్తుంది. నూలు టీషర్టుతో ఇంతగా ఇబ్బంది ఉండదు. నిర్ధారించుకోవడానికి, ఉతికి ఆరిన టీషర్టును ఛాతీ దగ్గర, చంక దగ్గర గోరువెచ్చని నీటితో తడిపి, రెండుచోట్లా వాసన చూడండి. చంక దగ్గర మాత్రమే కంపు వస్తే మురికి పోగులలోనే మిగిలి ఉందని అర్థం. బట్టంతా ఒకేలా ముక్కిపోయిన వాసన వేస్తుంటే అది ఆలస్యంగా ఆరడం వల్లనో, వాషింగ్ మెషీన్ శుభ్రంగా లేకపోవడం వల్లనో వచ్చినది. దాని దారి వేరు.

కారణం: సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో 7 నుంచి 8 శాతం వరకు తేమను పట్టి ఉంచుకోగలదు, పాలిస్టర్ పట్టేది సుమారు 0.4 శాతమే. నీటిని దూరం పెట్టే ఈ పోగు చర్మం నుంచి వచ్చే జిడ్డును మాత్రం గట్టిగా అంటిపెట్టుకుంటుంది కనుక, చల్లని నీటిలో జరిగే చిన్న ఉతుకులో ఆ జిడ్డు పూర్తిగా వదలదు. వాసన కలిగించే పదార్థాలు అందులోనే నిలుస్తాయి, బాక్టీరియాకు అదే ఆహారమవుతుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం చేసినవారి చొక్కాలను పరిశీలించగా, కంపుకు కారణమయ్యే మైక్రోకాకస్ బాక్టీరియా నూలు మీద కంటే పాలిస్టర్ మీద బాగా పెరిగినట్లు తేలింది.

పరిష్కారం: ముందు జిడ్డును వదిలించాలి, ఆ తర్వాతే మిగిలిన వాసన సంగతి చూడాలి. టీషర్టును లోపలివైపు బయటకు తిప్పి, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము ఉన్న డిటర్జెంటును సుమారు 40 డిగ్రీల నీటిలో కలిపి, అందులో గంటసేపు నానబెట్టి, మామూలుగా ఉతకండి. ఆరాక పైన చెప్పిన పరీక్ష మళ్లీ చేయండి. కంపు ఇంకా ఉంటే, సోడియం పెర్కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచును పొట్టం మీద చెప్పిన మోతాదులో అంతే వేడి ఉన్న నీటిలో కరిగించి, మూత పెట్టని బకెట్‌లో ఒకటి రెండు గంటలు ఉంచి, బాగా జాడించండి. దాని క్షార గుణం వాసన ఆమ్లాలను నీటిలో కరిగే లవణాలుగా మారుస్తుంది, ఆక్సిజన్ మిగిలినవాటిని విడగొడుతుంది. వెనిగర్ ఈ పనికి తగదని నా అభిప్రాయం: అది క్షారాన్ని తగ్గించి ఆ ఆమ్లాలను మళ్లీ ఆవిరయ్యే రూపానికి తెస్తుంది, జిడ్డునూ కరిగించదు.

క్లోరిన్ బ్లీచు సాగే ఎలాస్టేన్ పోగులను పాడుచేస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోగుల మీద మరో జిడ్డు పొరను మిగిలిస్తుంది కనుక క్రీడా దుస్తులకు దాన్ని పూర్తిగా మానేయడమే మంచిది. చెమట బట్టను సంచిలో ముద్దగా వదిలేయకుండా, వెంటనే ఉతకడం కుదరకపోతే కనీసం జాడించి ఆరేస్తే, తర్వాతి ఉతుకులో వదిలించాల్సింది తగ్గుతుంది.