ఇంటి పొయ్యి మీద 100 మందికి బగారన్నం: ఎక్కడ తప్పుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి

నల్లగొండలో మా ఇంట్లోంచి రోజూ 15 క్యారియర్లు పోతాయి. మొదటిసారి వచ్చిన 100 మంది ఆర్డర్ ఒక తొట్టెల ఫంక్షన్‌ది. బగారన్నం, వంకాయ కూర, పప్పుచారు, పెరుగు. రోజూ వేసే కొలతలనే ఏడు రెట్లు చేసి వండేశాను. అన్నం చెడింది, ఉప్పు తప్పింది, పప్పు ఉడకలేదు. చివరికి ఒక బగోన మొత్తం పారబోశాను. ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో తర్వాత తెలిసింది.

అన్నం అడుగున ముద్ద, పైన పలుకు

ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు పెడతాం. ఆ రెండు గ్లాసులూ బియ్యమే తాగుతుందనుకుంటాం గానీ, అందులో కొంత ఆవిరై పోతుంది. చిన్న గిన్నెలో పోయే వాటా ఎక్కువ. పెద్ద బగోనలో బియ్యం బాగా పెరిగినా నీళ్లు ఆవిరయ్యే పైభాగం అంతగా పెరగదు. పైగా మూత బిగించి ఉంటుంది. అందుకే పాత కొలతనే హెచ్చవేస్తే నీళ్లు మిగిలి అడుగు అన్నం ముద్దవుతుంది.

దీనికి పొయ్యి కూడా తోడవుతుంది. ఇంటి స్టవ్ పెద్ద బర్నర్ మీద పది లీటర్ల ఎసరు కాగడానికే అరగంట పైన పడుతుంది. బియ్యం పోయగానే ఆ మరుగు ఆగిపోతుంది. మళ్లీ మరిగేదాకా బియ్యం వేడినీళ్లలో నానుతూ కూర్చుంటుంది. అడుగు ఉడికిపోతుంది, పైది పలుకుగానే ఉంటుంది. కంగారుపడి గరిటె పెట్టి తిప్పితే మెతుకులన్నీ విరుగుతాయి. నేను చేసింది అదే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఇంటి స్టవ్ మీద ఒక విడతకు నాలుగు కిలోలు దాటను. 100 మందికి కూరా పప్పుచారూ ఉంటే 11 కిలోల బియ్యం చాలు, అంటే మూడు విడతలు. బియ్యం అరగంట నానబెట్టి వార్చి, గ్లాసుకు గ్లాసున్నర ఎసరు పోస్తాను. కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గిస్తాను. పక్క బర్నర్ మీద నీళ్లు ముందే మరగబెట్టి పోపులో పోస్తే మరుగు త్వరగా అందుకుంటుంది. బియ్యం బస్తా మారినప్పుడల్లా ముందురోజు ఒక కిలో వండి చూసుకుంటాను. ఒక కిలో చెడితే ఇంట్లో తింటాం.

ఒక్కో విడతకు గంట పడుతుంది. తినేది ఒంటిగంటకైతే ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదకొండున్నరకు చివరి విడత దించాలి. కూర, పప్పుచారు రెండో బర్నర్ మీద అంతకుముందే అయిపోవాలి. ఆ లెక్కన మా వంటింటి హద్దు 100 మంది. 101వ మనిషికి పొయ్యి లేదు. అంతకు మించితే పెరట్లో భట్టీ పొయ్యి, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ పెట్టుకోవాల్సిందే. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం కూడా.

ఒక విడత ఉప్పన, ఒక విడత చప్పన

కారణం చిన్నదే, చెంచాలతో కొలవడం. గ్లాసు గల్లుప్పు, గ్లాసు సన్న ఉప్పు ఒకే బరువు ఉండవు. తూకం వేయండి. బగారన్నానికి కిలో బియ్యానికి 25 గ్రాముల ఉప్పు నా లెక్క. నాలుగు కిలోలకు 100 గ్రాములు. ఉప్పు తిన్నగా హెచ్చవేయొచ్చు, మసాలా మాత్రం అట్లా కుదరదు. లవంగం, పట్టా, పచ్చిమిర్చి లెక్కకు వచ్చినదాంట్లో ముప్పావు వంతే వేస్తాను. మూత బిగించిన పెద్ద బగోనలో ఘాటు బయటికి పోదు. మిరపకాయ తక్కువైతే కూరలో సరిచేసుకోవచ్చు, ఎక్కువైతే చేసేదేం లేదు.

పప్పు రెండు గంటలైనా పలుకే

మా దిక్కు బోరు నీళ్లు గట్టి నీళ్లు. అందులోని సున్నం పప్పు తొక్కను, గుజ్జును బిగబట్టేస్తుంది. నాలుగు విజిల్స్‌కు ఉడికే చిన్న కుక్కర్ పప్పులో ఈ సంగతి తెలియదు. మూతలేని బగోనలో ఐదు కిలోలు పెడితే తెలుస్తుంది. నల్లా నీళ్లో, ఆర్వో క్యాన్ నీళ్లో వాడండి. పప్పు మెదిగేదాకా చింతపండు, టమాటా వేయకండి, పులుపు కూడా ఉడకనివ్వదు. బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని మా పక్కింటి అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. పోదు. నీళ్లు ఇంకేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

మధ్యాహ్నానికి అన్నం పాసిపోవడం

పారబోసిన బగోన కథ ఇది. ఆలస్యమవుతుందని భయపడి మొదటి విడత తెల్లవారుజామున నాలుగింటికే దించాను. మూతపెట్టి మూలన ఉంచాను. ఏప్రిల్ నెల. పన్నెండింటికి మూత తీస్తే పైన బాగానే ఉంది. గరిటె అడుగుదాకా దించి తీస్తే మెతుకులు జిగటగా వచ్చాయి, పులిసిన వాసన. మళ్లీ వేడిచేద్దామని మా ఆయన అన్నాడు.

వేడిచేయకూడదు. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి పెరుగుతాయి, కొన్ని విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు, వాంతులు తెప్పిస్తుంది. ప్రమాదమంతా 5 నుంచి 60 డిగ్రీల మధ్యనే. పైగా వాసన రావడం ఆలస్యంగా జరిగే పని. వాసన లేదు కాబట్టి బాగుందనుకోకూడదు.

ఇంట్లో కిలో అన్నం గంటలో చల్లారుతుంది. బగోనలో నాలుగు కిలోల బియ్యం అన్నం నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. మూత పెడితే ఇంకా ఎక్కువసేపు. అటు చల్లగానూ ఉండదు, ఇటు వేడిగానూ ఉండదు.

కాబట్టి రెండు దారులే. ఒకటి, తినేదాకా 60 డిగ్రీల పైనే ఉంచడం. దించిన వెంటనే మూత బిగించి, థర్మాకోల్ పెట్టెలోనో దుప్పట్లోనో చుట్టి, ప్రోబ్ థర్మామీటర్ నడుమకు గుచ్చి గంటకోసారి చూడాలి. 60 కిందికి దిగితే అప్పట్నుంచి టైమ్ లెక్క మొదలైనట్టే, నాలుగు గంటలు దాటాక వడ్డించను. నేను ఎనిమిదిన్నరకు ముందు బియ్యం పోయకపోవడానికి కారణం ఇదే. రెండోది, చల్లార్చాల్సిందైతే త్వరగా చల్లార్చడం. పెరుగన్నానికి అన్నాన్ని వెడల్పు తాంబాళాల్లో రెండు వేళ్ల మందాన పరిచి, పల్చటి బట్ట కప్పి, ఫ్యాన్ కింద పెడతాను. చల్లారగానే ఫ్రిజ్‌లోకి. పెరుగు విడిగా ఐసు పెట్టెలో తీసుకెళ్లి వడ్డించే చోట కలుపుతాను.

పులిహోరకు ఇంత తిప్పలు లేదు, చింతపండు పులుపు కాస్త కాపాడుతుంది. ఎండాకాలం ఆర్డర్లలో దూరం పోవాలంటే బగారన్నం బదులు అదే చెప్తాను.

ఒకసారి వడ్డించిన గరిటె, చేయి పడిన అన్నం మళ్లీ బగోనలో కలపను. వేలికి కోసుకుంటే బ్యాండేజీ, దానిపైన గ్లవ్. చీము పట్టిన గాయముంటే ఆ రోజు వంట మా చెల్లెలిది.

మొన్న ఒకాయన ఫోన్ చేసి, "అక్కా, రేపు పొద్దుగాల్ల 160 మందికి కావాలె" అన్నాడు. 100 మందికి నేను చేస్తాను, మిగతా 60 మందికి ఇంకో ఇంటిని చూసుకో తమ్ముడూ అన్నాను. ఎవరి బగోనల మీద వాళ్ల దించిన టైమ్ చాక్‌పీస్‌తో రాయాలని కూడా చెప్పాను.