పురిటి సెలవు దరఖాస్తు: బిడ్డ పుట్టాక రాసేవాళ్ళకి

రాత్రి ఒంటిగంట దాటింది. రాజోలు దగ్గర పుట్టింట్లో శిరీష మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తోంది. పక్కన పిల్లాడు ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు. మళ్ళీ లేవడానికి రెండు గంటలు పట్టొచ్చు, అరగంటే పట్టొచ్చు.

"ఇంకా పడుకోలేదేంటే? పచ్చి బాలింతవి, కళ్ళు పాడు చేసుకోకు," అంది తల్లి పక్కగదిలోంచి.

"ఆయన ఆదివారం వస్తారమ్మా. సోమవారం ఫ్యాక్టరీలో ఇచ్చేయాలి. వీడు లేచేలోగా రాసేస్తాను."

ఈ శిరీష మన ఉదాహరణ కోసం కల్పించిన మనిషి. ఆవిడ చిక్కు మాత్రం చాలామందికి వచ్చేదే. భీమవరం శివార్లలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తుంది, నెలకి 24,500 జీతం. డాక్టరు సెప్టెంబరు 2 అని తేదీ ఇచ్చారు. ఆగస్టు మూడోవారంలో దరఖాస్తు ఇచ్చి పుట్టింటికి వెళ్దామనుకుంది. ఆగస్టు 8, శనివారం దాకా పనిచేసింది. సోమవారం పొద్దున్న నొప్పులు మొదలై వెళ్ళలేకపోయింది, 12వ తేదీ బుధవారం కాన్పు అయింది. సూపర్‌వైజరుకి ఫోనులో చెప్పారు తప్ప కాగితం ఏదీ ఇవ్వలేదు. హాజరు పట్టీలో 10 నుంచి గైర్హాజరు పడుతోంది.

ముందు ఆవిడ భయం తీర్చాలి. కాన్పుకి ముందు దరఖాస్తు ఇవ్వనంత మాత్రాన హక్కు పోదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఆరో సెక్షన్ ఈ మాట నేరుగానే చెప్పింది: ముందు నోటీసు ఇవ్వలేకపోతే కాన్పు తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వొచ్చు. అదే నియమం 2020 సామాజిక భద్రత కోడ్‌లో 62వ సెక్షన్‌గా వచ్చింది. కాన్పు అవుతుందన్న తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, జీతంతో కూడిన సెలవు రోజులు కూడా అందులో కలుస్తాయి. శిరీష ఏడాది పొడుగునా పనిచేసింది కాబట్టి ఇక్కడ పేచీ లేదు.

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలన్నది జీతాన్ని బట్టి ఉంటుంది. నెలకి 21,000 లోపు జీతంతో ఇఎస్ఐలో ఉన్నవాళ్ళకి డబ్బు ఇచ్చేది యజమాని కాదు, ఇఎస్ఐ సంస్థ. వాళ్ళు క్లెయిము అక్కడ వేసుకోవాలి, ఫ్యాక్టరీకి సెలవు చీటీ ఒక్కటే ఇస్తారు. శిరీష జీతం ఆ హద్దు దాటింది, ఇఎస్ఐ కోత లేదు. అందుకని సెలవైనా డబ్బైనా యజమానినే అడగాలి. జీతం చీటీలో ఇఎస్ఐ గడి చూసుకుంటే మీరు ఏ దారిలో వెళ్ళాలో తెలిసిపోతుంది.

మొదట ఆవిడ రాసింది ఇది:

"మేనేజరు గారికి, నాకు ఆగస్టు 12న బాబు పుట్టాడు. ఆరోగ్య కారణాల వల్ల డ్యూటీకి రాలేకపోతున్నాను. దయచేసి 10వ తేదీ నుంచి ఆరు నెలలు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన."

మర్యాదగానే ఉంది. కానీ ఇలాగే ఇస్తే మూడు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది "ఆరోగ్య కారణాలు". ఆ మాట చూసిన గుమాస్తా దాన్ని సిక్ లీవు కింద రాసుకుంటాడు. ఉన్న నాలుగు సిక్ లీవులూ అయిపోయాక మిగతాదంతా జీతం లేని సెలవు అవుతుంది. ప్రసూతి సెలవు అన్న మాట విషయం లైనులోనే ఉండాలి. "మంజూరు చేయ ప్రార్థన" అని రాయడం తప్పేమీ కాదు గానీ, నోటీసు అందాక యజమాని ఆ గడువు మేరకు సెలవు ఇచ్చి తీరాలి. కాబట్టి బతిమాలే స్వరం అక్కర్లేదు.

రెండోది "ఆరు నెలలు", డబ్బు పోయేది ఇక్కడే. చట్టం చెప్పింది 26 వారాలు, అంటే 182 రోజులు. ఆగస్టు 10 నుంచి లెక్కపెడితే ఆగస్టులో 22, సెప్టెంబరు చివరికి 52, అక్టోబరుకి 83, నవంబరుకి 113, డిసెంబరుకి 144, జనవరికి 175. మిగిలిన ఏడూ ఫిబ్రవరిలో. అంటే సెలవు ఫిబ్రవరి 7తో అయిపోతుంది, 8న పనిలో చేరాలి. ఆరు నెలలని లెక్కేస్తే ఫిబ్రవరి 9 దాకా వస్తుంది, అది 184 రోజులు. ఆ రెండు రోజులకీ జీతం కోస్తారు, అడగడానికీ ఉండదు. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది: 26 వారాలంటే పూర్తి వారాలు కాబట్టి సెలవు ఏ వారం మొదలైందో, తిరిగి చేరే రోజు కూడా అదే వారం కావాలి. సోమవారం మొదలైంది, ఫిబ్రవరి 8 సోమవారమే. వేరే వారం వచ్చిందంటే ఎక్కడో నెల రోజులు తప్పు కూడారు.

ఈ 182లో ఆదివారాలు, పండగలు అన్నీ ఉంటాయి. "ఆదివారాలకి జీతం ఉండదు" అని కోసే యాజమాన్యాలు ఉన్నాయి. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులని సుప్రీంకోర్టు 1977లో బి.షా కేసులోనే తేల్చింది.

ఇంకో మెలిక కూడా ఇక్కడే పెడతారు. "కాన్పుకి ముందు ఎనిమిది వారాలు, తర్వాత పద్దెనిమిది. ముందు వాడుకోలేదు కాబట్టి ఇక పద్దెనిమిదే," అంటారు. అది తప్పు. ముందు ఎనిమిది వారాలకి మించకూడదన్నదే నియమం. ముందు ఎన్ని తక్కువ వాడితే తర్వాత అన్ని ఎక్కువ మిగులుతాయి. శిరీషకి కాన్పుకి ముందు ఖర్చయింది రెండు రోజులే, మిగతా 180 కాన్పు రోజు నుంచి వస్తాయి. తొలి కాన్పు కాబట్టి 26 వారాలు. ఇద్దరు పిల్లలుండగా మూడో కాన్పు అయితే 12 వారాలే.

మూడోది, రాయకుండా వదిలేసినవి. నోటీసులో రెండు మాటలు ఉండాలని చట్టమే చెబుతోంది: డబ్బు నాకు గానీ నేను చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలి అన్నది ఒకటి, ఈ కాలంలో మరే సంస్థలోనూ పనిచేయను అన్నది రెండోది. ఈ రెండో మాట లేదని కాగితం వెనక్కి పంపే అవకాశం ఉంది. ఒక్క వాక్యమే కదా, రాసేయడం మేలు.

పిల్లాడు ఒకసారి లేచి, పాలు తాగి మళ్ళీ పడుకున్నాక శిరీష కొత్త కాగితం మీద రాసింది:

"హెచ్ఆర్ మేనేజరు గారికి.
విషయం: ప్రసూతి సెలవు, ప్రసూతి ప్రయోజనం కోసం నోటీసు.
అయ్యా, నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నా ఉద్యోగి సంఖ్య పైన రాశాను. నాకు సెప్టెంబరు 2న కాన్పు కావలసి ఉండగా ఆగస్టు 12న మగబిడ్డ పుట్టాడు. ఇది నా తొలి కాన్పు. నొప్పుల కారణంగా ఆగస్టు 10 నుంచి విధులకు రాలేదు. ముందుగా నోటీసు ఇవ్వలేకపోయినందున ఇప్పుడు ఇస్తున్నాను. ఆగస్టు 10 నుంచి ఫిబ్రవరి 7 వరకు 26 వారాలు ప్రసూతి సెలవుగా నమోదు చేయండి. ఫిబ్రవరి 8న విధుల్లో చేరతాను. ఈ కాలానికి రావలసిన ప్రసూతి ప్రయోజనాన్ని, మెడికల్ బోనస్‌ను నా జీతం ఖాతాలో జమ చేయండి. ఈ కాలంలో మరే సంస్థలోనూ పని చేయనని తెలియజేస్తున్నాను. ఆసుపత్రి రికార్డులో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఆ పేరూ, మీ రికార్డులోని పేరూ రెండూ నావే. ఆధార్ నకలు జత చేశాను.
జతపరచినవి: డాక్టరు ఇచ్చిన కాన్పు ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితం, ఆధార్ నకలు."

కింద తేదీ, సంతకం, ఇప్పుడున్న రాజోలు చిరునామా, ఫోను నంబరు. చిరునామా మరిచిపోవద్దు. భీమవరం ఇంటికి పంపిన ఉత్తరం తాళం తలుపు చూసి వెనక్కి వెళ్తే, "మేం అడిగాం, ఆవిడే జవాబివ్వలేదు" అనే మాట పడాలి.

ఇంటిపేరు సంగతి మన వైపు తరచూ వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో కదా, ఆసుపత్రిలో చేర్చేది తండ్రి. ఆయన నోట అలవాటుగా పాత ఇంటిపేరే వస్తుంది. ఉత్తరంలో ఒక వాక్యంతో యజమాని దగ్గర సర్దుకోవచ్చు గానీ, ఆసుపత్రి వాళ్ళు జనన నమోదుకి పంపే వివరాల్లో ఆధార్ ప్రకారం ఉండేలా ముందే చెప్పి మార్పించుకోవాలి. తర్వాత మార్చడం పెద్ద తిరుగుడు.

జనన ధ్రువపత్రం కోసం బారసాల దాకా ఆగేవాళ్ళు ఉన్నారు. పేరు పెట్టకుండా సర్టిఫికెట్టు ఎలా వస్తుందని వాళ్ళ అనుమానం. పేరు గడి ఖాళీగానే నమోదు చేస్తారు, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. జననం మాత్రం 21 రోజుల్లోపు నమోదు కావాలి. అసలు నోటీసుకి డాక్టరు ధ్రువపత్రమే చాలు. జనన ధ్రువపత్రం వచ్చాక ఒక నకలు పంపిస్తే సరిపోతుంది.

డబ్బు లెక్క ఇది. సెలవు మొదలవడానికి ముందు మూడు క్యాలెండరు నెలల జీతం, అంటే శిరీషకి మే, జూన్, జూలై, ఆ నెలల్లో పనిచేసిన రోజులకి వచ్చిన సగటు. జూలైలో ఒంట్లో బాగోక జీతం లేని సెలవు నాలుగు రోజులు పెట్టి ఉన్నా సగటు పడిపోదు, ఎందుకంటే భాగించేది పనిచేసిన రోజులతోనే. కాన్పు ముందు, తర్వాత వైద్యం యజమాని ఉచితంగా చేయించకపోతే 3,500 మెడికల్ బోనస్ అదనం. కాన్పు తర్వాతి కాలానికి రావలసిన మొత్తం, రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి. చాలా చోట్ల నెలనెలా జీతంలాగే వేస్తారు. అది మీకు ఫర్వాలేకపోతే ఊరుకోవచ్చు, హక్కు మాత్రం 48 గంటలదే.

అందుకే ఇచ్చిన రోజుకి రుజువు కావాలి. రెండు ప్రతులు రాయాలి. భర్త చించినాడ వంతెన దాటి భీమవరం వెళ్ళి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో అందినట్టు ముద్ర, సంతకం తీసుకోవాలి. "పెట్టి వెళ్ళండి, సారు రాలేదు" అంటే పెట్టి రాకూడదు. అదే రోజు స్పీడ్ పోస్టులో డెలివరీ రుజువు కోరుతూ పంపి, కంపెనీ ఈమెయిలుకి ఫొటో కూడా పెట్టాలి. సూపర్‌వైజరుకి పెట్టిన వాట్సాప్ అదనపు సాక్ష్యమే తప్ప నోటీసు కాదు.

కుట్లు చీము పట్టడం లాంటివి వచ్చి ఫిబ్రవరి 8న చేరలేకపోతే, కాన్పు వల్ల వచ్చిన జబ్బుకి జీతంతో గరిష్ఠంగా మరో నెల ఉంది. దానికి డాక్టరు కాగితంతో వేరే దరఖాస్తు, 7వ తేదీ దాటకముందే ఇవ్వాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం వల్ల వచ్చిన జబ్బుకీ ఈ నెల వర్తిస్తుంది. శిరీష బాబు మూడు వారాలు ముందొచ్చినా సరిగ్గా 37 వారాలు నిండాయి కాబట్టి ఆ కారణం చెల్లదు.

రాజీనామా ఇచ్చి మళ్ళీ చేరమంటే ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. అలా అడిగినా, డబ్బు వేయకపోయినా, ఈ గైర్హాజరు చూపించి ఉద్యోగం తీసేసినా, ముద్ర వేయించుకున్న రెండో ప్రతి, బ్యాంకు స్టేట్‌మెంటు, డాక్టరు ధ్రువపత్రం జతచేసి కార్మిక శాఖకి ఫిర్యాదు రాయాలి. తీసేసిన సందర్భంలో అప్పీలుకి చట్టం ఇచ్చిన గడువు, ఆ ఉత్తర్వు అందిన రోజు నుంచి 60 రోజులు.