మీటింగ్‌లో తప్పు నాదన్నాను, గదిలో జవాబు అడిగాను

శుక్రవారం రాత్రి మా టీమ్ కుర్రాడు ప్రొడక్షన్ డేటాబేస్‌లో `WHERE` లేకుండా `UPDATE` నడిపాడు. ఒక్క కస్టమర్‌కి మారాల్సిన ధర అందరికీ మారిపోయింది. బ్యాకప్ నుంచి సరిచేసేసరికి తెల్లారింది.

సోమవారం మీటింగ్‌లో డైరెక్టర్ "ఎవరు చేశారు?" అన్నారు. "ఇంకొకరు చూడకుండా స్క్రిప్ట్ నడిపే వీలుంది సార్. దాన్ని మూయాల్సింది నేను, తప్పు నాది" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే మూయలేదు. మళ్లీ అడిగినా పేరు చెప్పలేదు.

బయటికొచ్చాక ఆ కుర్రాడు "థాంక్స్ అన్నా" అన్నాడు. "పర్లేదులే" అనేశాను. అక్కడే దెబ్బతిన్నాను. రెండు రోజులకే రివ్యూ లేకుండా ఇంకో స్క్రిప్ట్ నడపబోయాడు.

అప్పుడు చిన్న గదిలో ఇద్దరమే కూర్చున్నాం. "అక్కడ మాట నేను పడ్డాను. ఇక్కడ జవాబు నువ్వు చెప్పాలి" అన్నాను. ఆ రాత్రి ఎప్పుడు ఏం చేశాడో అతని చేతే రాయించాను. ముందు `SELECT`తో ఎన్ని వరుసలో చూడాలి, `BEGIN` పెట్టి నడపాలి, లెక్క సరిపోతేనే `COMMIT`. నెలపాటు ప్రతి స్క్రిప్టూ నాకు చూపించాలన్నాను. ముఖం మాడ్చుకున్నాడు.

మూడో వారం తనే ఫోన్ చేశాడు: "అన్నా, వరుసలు ఎక్కువొస్తున్నాయి, ఆపేశాను."