మీరు వెళ్లని సభలో మీ ఫొటో కనిపిస్తే: లేఖ రాసే ముందు జాగ్రత్తలు

ఎన్నికల రోజుల్లో ఇలా ముఖం అతికించిన ఫొటోలు ఎక్కువ పుడతాయి. గుంటూరులో ఒక ప్రభుత్వ టీచరుగారు ఉన్నారనుకుందాం. విజయవాడలో జరిగిన పార్టీ సభ ఫొటోలో ఆమె ముఖం అతికించి ఒక న్యూస్ వెబ్‌సైట్ పెట్టింది. ప్రభుత్వ ఉద్యోగి పార్టీ సభకు వెళ్లారంటే శాఖాపరమైన విచారణ దాకా పోవచ్చు. టెన్షన్ సహజమే, కానీ అదే ఫొటోను "ఇది ఫేక్" అని రాసి గ్రూపుల్లో తిప్పకండి. ఆ మాట పోయి ఫొటో ఒక్కటే తిరుగుతుంది.

తీసేయమని సైట్‌కు లేఖ పంపగానే పేజీ మాయం కావచ్చు, కాబట్టి రుజువు ముందు దాచాలి. అడ్రస్, తేదీ, సమయం కనిపించేలా పూర్తి పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. పేజీ లింకు, ఫొటోను విడిగా తెరిస్తే వచ్చే లింకు రెండూ రాసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, ఫైలుగానే దాచండి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, ముఖం ఎక్కడి నుంచి తీశారో ఆ అసలు ఫొటో. టీచరుగారి విషయంలో అది స్కూల్ వార్షికోత్సవానిది. అదే తల వంపు, అదే చెవి కమ్మలు, చెంప మీద అదే వైపు నీడ. సభ ఫొటోలో పక్కవాళ్ల నీడ మాత్రం రెండో వైపుంది. రెండూ పక్కపక్కన పెట్టి పంపితే వాదన అక్కర్లేదు. సభ జరిగిన రోజు స్కూల్ హాజరు రికార్డు దానికి తోడు.

ఫొటో పెట్టింది ఎవరో చూసి లేఖ రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం న్యూస్ సైట్ తనే ప్రచురిస్తే, ఫిర్యాదులు చూసే దాని గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. యూజర్లు పోస్ట్ చేసే వేదికైతే అందులోనే ఉన్న 3(2)(బి) నిబంధన చూపండి. మార్ఫింగ్ ఫొటోలు దాని కిందికే వస్తాయి.

లేఖ చిన్నగా ఉంటే చాలు:

"మీ పేజీలోని (లింకు) ఫొటోలో ఎడమ నుంచి మూడో వ్యక్తిగా కనిపిస్తున్నది నా ముఖం. నేను ఆ సభకు వెళ్లలేదు. నా ముఖాన్ని వేరే ఫొటో నుంచి తీసి అతికించారు, ఆ అసలు ఫొటో జతచేశాను. ఫొటోను పేజీ నుంచీ, సర్వర్ నుంచీ తొలగించి, సవరణ ప్రచురించి, నాకు రాతపూర్వకంగా తెలపండి."

చేసింది ఫలానా వాళ్లని అందులో రాయకండి. రుజువు లేకపోతే ఆ మాటే మీ మీదికి వస్తుంది. ఆధార్ కాపీ కూడా తొందరపడి పంపవద్దు, అడిగితే అంకెలు మూసి ఇవ్వండి.

తీసేశామని జవాబొచ్చాక ఫొటో లింకును విడిగా తెరిచి చూడండి. వార్త పోయినా ఫైలు సర్వర్‌లో మిగలడం మామూలే. అది కూడా పోయాక గూగుల్ సెర్చ్‌లో చిన్న బొమ్మ ఇంకా కనిపిస్తుంటే, పాత కంటెంట్ తొలగింపు కోసం గూగుల్ ఇచ్చే ఫారంలో ఆ లింకు పెట్టాలి.